మోగినంత మాత్రాన మంచి కేబుల్ కాదు

గోదావరి డెల్టాలో హరికథకు ఇంకా మైకు కట్టే ఊళ్లు చాలానే ఉన్నాయి. హరికథ నేర్పే శ్రీ సర్వారాయ పాఠశాల ఉన్న కపిలేశ్వరపురం ఈ నేల మీదే ఉంది. దేవీ నవరాత్రులకో, సుబ్రహ్మణ్య షష్ఠికో గుడి ముందు వేదిక వేస్తారు. భాగవతార్ గారు చిడతలు పట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ కథ చెబుతారు. ఒక్క మైకు ముందు కదలకుండా నిలబడి చెప్పే కళ కాదిది. అందుకే కాలర్ మైకు లేని చోట ముందు రెండు స్టాండ్ల మీద రెండు మైకులు పెడతారు. ఆయన ఎటు జరిగినా ఏదో ఒక మైకు అందుకుంటుందని లెక్క.

కొన్ని వేదికల మీద ఈ లెక్క తప్పుతుంది. భాగవతార్ గారు ఎడమ మైకు ముందుకు వస్తే గొంతు బాగానే వినిపిస్తుంది, కుడివైపు వెళ్లినా ఫరవాలేదు. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గొంతులో నిండుదనమంతా పోయి, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు పీలగా అయిపోతుంది. "మధ్యలో మైకు మింగేస్తోందండీ" అని వెనక నుంచి ఎవరో అంటారు. ఆపరేటరు బాస్ పెంచుతాడు, అదీ చాలక వాల్యూమ్ పెంచుతాడు, చివరికి బాక్సులు కూత పెడతాయి. విడివిడిగా చూస్తే మైకులు రెండూ మంచివే, మిక్సరూ మంచిదే. తప్పు రెండు కేబుళ్లలో ఒకదాని చివర, పిన్నులో దాగి ఉంది. అక్కడ రెండు తీగలు తారుమారయ్యాయి.

మైకు కేబుల్ చెడిపోతే శబ్దం ఆగిపోతుందని మనం అనుకుంటాం. అలా ఆగిపోయే కేబుల్ మనల్ని మోసం చేయదు, పక్కన పడేస్తాం. శబ్దం ఇస్తూనే తప్పుగా ఉండే కేబుళ్లే చిక్కు తెస్తాయి. వాటిలో ముఖ్యమైన రకాలు రెండు. ఒకటి పొలారిటీ తిరిగినది, రెండోది షీల్డ్ తెగినది. మంచి టంకం ఈ రెంటినీ రాకుండా చూస్తుంది, సరైన పరీక్ష వచ్చినవాటిని పట్టిస్తుంది.

మూడు తీగలు ఎందుకు

సౌండ్ కుర్రాళ్లు కేనన్ పిన్ అని పిలిచే ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరులో మూడు పిన్నులుంటాయి. ఒకటో పిన్ను షీల్డ్‌ది. రెండోది హాట్, మూడోది కోల్డ్. మైకు పొర మీద గాలి ఒత్తిడి పెరిగినప్పుడు, మూడో పిన్నుతో పోలిస్తే రెండో పిన్ను మీద వోల్టేజి ధన దిశలో పెరగాలి. 1992లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ఈ పద్ధతినే ప్రమాణంగా ప్రకటించింది. అంతకుముందు తయారైన కొన్ని అమెరికన్ పరికరాల్లో మూడో పిన్ను హాట్‌గా ఉండేది. పాత సామాన్లు కొన్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మైకు నుంచి వచ్చే సంకేతం చాలా చిన్నది. మామూలు గొంతుకు డైనమిక్ మైకు ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించి ఇవ్వదు. ఆ తీగ పక్కనే 230 వోల్టుల కరెంటు వైర్లు, సీరియల్ సెట్లు, లైట్ల డిమ్మర్లు ఉంటాయి. వాటి రొద తీగలోకి దూరకుండా ఉండదు. ఆ రొదను వడకట్టడానికే ఒకే శబ్దాన్ని రెండు తీగల మీద ఎదురెదురు దిశల్లో పంపుతారు.

ఉదాహరణకు ఒక క్షణంలో హాట్ మీద +1 మిల్లీవోల్టు, కోల్డ్ మీద −1 మిల్లీవోల్టు ఉన్నాయనుకుందాం. దారిలో రెండు తీగలకూ 5 మిల్లీవోల్టుల రొద సమానంగా అంటుకుంది. మిక్సరు చేరేసరికి హాట్ మీద 6, కోల్డ్ మీద 4 ఉంటాయి. మిక్సరు హాట్ నుంచి కోల్డ్‌ను తీసేస్తుంది. 6లోంచి 4 పోతే 2. రొద మొత్తం కొట్టుకుపోయి, శబ్దం మాత్రం మిగిలింది. రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలితిరిగి ఉండడానికి కారణం కూడా ఇదే. ఆ మెలిక వల్లే రొద రెంటికీ దాదాపు సమానంగా అందుతుంది.

ఇప్పుడు కేబుల్ ఒక చివర రెండు, మూడు పిన్నుల తీగలు తారుమారయ్యాయనుకోండి. మిక్సరు 4లోంచి 6 తీసేస్తుంది, −2 వస్తుంది. రొద ఇప్పుడు కూడా పోయింది. శబ్దం బలం కూడా అంతే ఉంది, గుర్తు మాత్రమే మారింది. ఒక్క మైకుతో వింటే ఈ తేడా చెవికి తెలియదు. అందుకే తిరగబడ్డ కేబుల్ ఏళ్ల తరబడి సంచిలో మంచి కేబుల్‌గా చలామణి అవుతుంది.

వేదిక మధ్యలో ఏం జరిగింది

మళ్లీ హరికథ వేదికకు వద్దాం. మైకులు రెంటి మధ్య ఒక మీటరు దూరం ఉంది. భాగవతార్ గారు వాటికి అర మీటరు వెనక నిలబడ్డారు. సరిగ్గా మధ్యలో ఉంటే ఆయన నోటి నుంచి ఒక్కో మైకుకు 71 సెంటీమీటర్లు. రెంటికీ ఒకే శబ్దం ఒకే సమయానికి, ఒకే బలంతో చేరుతుంది. రెండు కేబుళ్లూ సరిగా ఉంటే మిక్సరులో ఆ రెండూ కలిసి రెట్టింపవుతాయి. ఒక కేబుల్ తిరగబడితే ఒకటి +2, ఇంకొకటి −2 అయి, నేరుగా వచ్చే గొంతు మొత్తం సున్నా అవుతుంది. చుట్టుపక్కల తగిలి వచ్చిన పీల శబ్దమే మిగులుతుంది.

ఆయన ఓ పది సెంటీమీటర్లు పక్కకు జరిగితే దూరాలు దాదాపు 64, 78 సెంటీమీటర్లవుతాయి. తేడా 14 సెంటీమీటర్లు. గొంతులోని కింది స్థాయి శబ్దాల తరంగం మీటర్ల పొడవు ఉంటుంది. 150 హెర్ట్జ్ దగ్గర అది రెండు మీటర్ల పైమాటే. అంత పొడవు తరంగానికి 14 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, కాబట్టి ఆ స్థాయిలో శబ్దాలు ఒకదాన్నొకటి చంపుకుంటూనే ఉంటాయి. 1200 హెర్ట్జ్ దగ్గర మాత్రం ఆ తేడా సరిగ్గా అర తరంగం. తిరగబడ్డ కేబుల్ వల్ల అక్కడ శబ్దాలు కలిసి పెరుగుతాయి. కింది నిండుదనం పోయి, మధ్య స్థాయి మాత్రం పొడుచుకొచ్చిన ఆ రేకు డబ్బా గొంతు ఇలా పుడుతుంది.

ఎడమ మైకుకు ఎదురుగా వెళ్తే దానికి 50 సెంటీమీటర్లు, రెండోదానికి 112 సెంటీమీటర్లు. దూరపు మైకులో శబ్దం సగం కన్నా తక్కువే కాబట్టి అది దగ్గరి మైకును పూర్తిగా చంపలేదు, కొంత తగ్గిస్తుంది. అందుకే పక్కల గొంతు ఫరవాలేదనిపించి, మధ్యలో పోతుంది. ఈ లక్షణం కనిపిస్తే బాస్ పెంచి లాభం లేదు, పొలారిటీని అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడం తేలిక. మిక్సరులో ఒక ఛానెల్ మీద Ø గుర్తున్న బటన్ ఉంటే నొక్కాలి. దాన్ని ఫేజ్ బటన్ అంటారు గానీ అది చేసే పని పొలారిటీ తిప్పడమే. మధ్యలో నిలబడి మాట్లాడుతుండగా అది నొక్కగానే గొంతు నిండుగా వస్తే, రెండింటిలో ఒకటి తిరగబడినట్టే. ఆ రోజు కార్యక్రమం ఆ బటన్‌తోనే గట్టెక్కుతుంది. తప్పు కేబుల్‌దా, మైకుదా అన్నది తేలాలంటే రెండు కేబుళ్లలో ఒక్కోదాని బదులు సరైనదని రుజువైన మూడో కేబుల్ వేసి చూడాలి.

షీల్డ్ తెగితే

షీల్డ్ పని వేరు. లోపలి రెండు తీగల చుట్టూ రాగి జడలా అల్లిన ఈ తొడుగు బయటి విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి రానీయకుండా భూమికి పంపేస్తుంది. డైనమిక్ మైకులో తీగచుట్ట రెండు కొసలూ రెండు, మూడు పిన్నులకే వెళ్తాయి. ఒకటో పిన్ను మైకు ఒంటికి, అంటే లోహపు గొట్టానికి మాత్రమే సంబంధించినది. కాబట్టి షీల్డ్ పూర్తిగా తెగిపోయినా డైనమిక్ మైకు మాట్లాడుతూనే ఉంటుంది.

తెగిన చోటును బట్టి లక్షణం మారుతుంది. మిక్సరు వైపు తెగితే తొడుగు మొత్తం భూమి లేకుండా తేలిపోతుంది, గుర్రుమనే రొద గట్టిగా వస్తుంది. మైకు వైపు తెగితే తొడుగు మిక్సరు దగ్గర ఇంకా భూమికి కలిసే ఉంటుంది. కేబుల్ దాదాపు నిశ్శబ్దంగానే ఉంటుంది, మైకు ఒళ్లు ఒక్కటే అనాథగా మిగులుతుంది. మైకును చేత్తో పట్టుకున్నప్పుడో వదిలినప్పుడో రొద మారితే ఒకటో పిన్నును అనుమానించాలి.

కండెన్సర్ మైకు ఇంత ఓర్చుకోదు. దానికి కరెంటు మిక్సరు నుంచే వెళ్లాలి. ఫాంటమ్ పవర్ అనే ఆ 48 వోల్టులు రెండు, మూడు పిన్నుల మీద సమానంగా వెళ్లి, షీల్డ్ మీదుగా తిరిగొస్తాయి. షీల్డ్ తెగితే తిరుగుదారి లేదు, మైకు మూగబోతుంది. అప్పుడప్పుడు తగిలి అప్పుడప్పుడు వదిలితే బాక్సుల్లో టపటపమని పెద్ద చప్పుడొస్తుంది. పద్య నాటకం వేదిక ముందు కండెన్సర్లు పెట్టే ఆపరేటరు ఒక కేబుల్‌ను పనికిరాదని తీసేస్తే, అదే కేబుల్‌ను మర్నాడు సభకు డైనమిక్ మైకుతో వాడినవారికి అందులో లోపమే కనబడకపోవచ్చు. ఇద్దరూ చూసింది నిజమే.

షీల్డ్‌ను ఒక చివరే కలిపితే హమ్ పోతుందని కొందరు కావాలనే రెండో చివర వదిలేస్తారు. లైన్ స్థాయి పరికరాల మధ్య అది కొన్నిసార్లు పనికొచ్చే ఉపాయం. మైకు కేబుల్‌కు మాత్రం పనికిరాదు. పైన చెప్పిన కారణాలకే దాని షీల్డ్ రెండు చివరలా ఉండి తీరాలి.

టంకం

కావలసినవి 25 వాట్ల సన్నమొన సోల్డరింగ్ ఐరన్, నడిమధ్య ఫ్లక్స్ ఉన్న 60/40 సోల్డరింగ్ తీగ. ఇందులో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం. 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలై 190 లోపే పూర్తిగా ద్రవమవుతుంది. సీసం ఉంది కాబట్టి పొగ పీల్చకుండా గాలి ఆడే చోట కూర్చోవాలి, పని కాగానే చేతులు కడుక్కోవాలి. రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ ఇక్కడ వాడకూడదు. అది అతుకు లోపలే ఉండిపోయి రాగిని తినేస్తుంది.

అన్నిటికన్నా ముందు కనెక్టరు వెనక మూతను కేబుల్‌కు ఎక్కించాలి. మర్చిపోతే పూర్తయిన అతుకులన్నీ మళ్లీ విప్పాలి. తర్వాత బయటి తోలు రెండు సెంటీమీటర్ల మేర తీయాలి. బ్లేడును తోలు మందం వరకే దించి, కేబుల్‌ను వంచితే గీటు దగ్గర అదే విడిపోతుంది. లోతుగా కోస్తే జడలో పోగులు తెగుతాయి. ఇవాళ తెగిన ఆ నాలుగు పోగులే రేపు షీల్డ్ తెగడానికి నాంది. జడను విప్పి పోగులన్నీ కలిపి ఒక్క తీగగా పేనాలి. ఆ తీగకు తొడుగు ఉండదు గనక సన్నటి స్లీవ్ ఎక్కించాలి. లేకపోతే అది పక్క పిన్నును తాకుతుంది. లోపలి తీగల తోలు 3 మిల్లీమీటర్లు తీస్తే చాలు.

జడ రాగి ఏ రంగులో ఉందో ఇక్కడ చూడాలి. సముద్రం దగ్గరి అంతర్వేది వైపు ఉప్పుగాలిలోనూ, కోనసీమ వాన తేమలోనూ పడి ఉన్న పాత కేబుల్‌లో అది నల్లబడో, పచ్చబడో ఉంటుంది. అలాంటి రాగి మీద సోల్డర్ పరుచుకోదు, ముత్యంలా ఉండకట్టి జారిపోతుంది. ఎర్రటి రాగి కనబడే దాకా కేబుల్‌ను కోసుకుంటూ వెనక్కి వెళ్లడమే మందు. ఒక అడుగు పొట్టిదైనా నష్టం లేదు.

ఇప్పుడు పిన్నులు. కనెక్టరులో ప్రతి పిన్ను పక్కన 1, 2, 3 అంకెలు అచ్చు వేసి ఉంటాయి. వాటిని వెలుతురులో చదివి పని చేయాలి, బొమ్మ జ్ఞాపకం మీద చేయకూడదు. ముందు నుంచి చూసినదానికి వెనక నుంచి చూసినది అద్దంలో ప్రతిబింబం లాంటిది. మేల్‌కు ఫిమేల్ కూడా అంతే. ఈ పొరపాటులో ఒకటి, రెండు పిన్నులు తారుమారవుతాయి. షీల్డ్ వెళ్లి హాట్ మీద కూర్చుంటే రొద అప్పుడే పట్టిస్తుంది. రెండు, మూడు తారుమారు కావడానికి కారణం సాధారణంగా రంగులు. ఒక చివర ఎరుపును రెండో పిన్నుకు ఇచ్చి ఉంటే, ఎప్పుడో రిపేరు చేసినవారు రెండో చివర తెలుపును రెండో పిన్నుకు ఇస్తారు. రిపేరుకు ముందు రెండో చివర కూడా విప్పి చూడటం ఇందుకే.

మేల్ కనెక్టరును ఒక ఫిమేల్‌లో గుచ్చి పని చేస్తే, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు వాలిపోవు. తీగ కొసకు, పిన్ను వెనక గుంటకు విడివిడిగా సోల్డర్ పట్టించాలి. తర్వాత ఐరన్ మొనను గుంటకు ఆనించి, లోపలి సోల్డర్ కరగగానే తీగను దించి, ఐరన్ తీసేయాలి. రెండు మూడు సెకన్ల పని ఇది. ఎక్కువసేపు ఉంచితే తీగ తోలు ముడుచుకుని వెనక్కి పోయి రాగి బయటపడుతుంది. ఐరన్ తీశాక చల్లారేదాకా తీగను కదపకూడదు. కదిలితే అతుకు బూడిద రంగులో గరుకుగా గడ్డకడుతుంది. మంచి అతుకు నునుపుగా మెరుస్తూ తీగ అంచుల దాకా పరుచుకుని ఉంటుంది. షీల్డ్‌కు మిగతా రెంటికన్నా కాస్త వదులు ఉంచితే, లాగుడు దాని మీద పడదు. చివరగా వెనక పట్టు బయటి తోలును గట్టిగా బిగించాలి. కేబుల్ బరువును అతుకులు మోయకూడదు, ఆ పట్టు మోయాలి.

తొమ్మిది తాకిళ్లు

మల్టీమీటరును బజర్ మీద పెట్టి, ఒక చివర ఒకటో పిన్నుకు ఒక కొస ఆనించి, రెండో చివర మూడు పిన్నులనూ వరసగా తాకాలి. తర్వాత రెండో పిన్ను, ఆపైన మూడోది. మొత్తం తొమ్మిది తాకిళ్లు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు, మూడుకు మూడు అన్నచోట మాత్రమే మోగాలి. మిగతా ఆరింటా మౌనంగా ఉండాలి. రెండు మూడుతో, మూడు రెండుతో మోగితే పొలారిటీ తిరిగింది. ఒకటికి ఒకటి మోగకపోతే షీల్డ్ తెగింది. మోగకూడని చోట మోగితే ఎక్కడో పోగు తగులుతోంది. మోగిన మూడూ చూసి ఊరుకునేవారికి ఈ చివరి లోపం దొరకదు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. జడలో ఒక్క పోగు మిగిలినా మీటరు మోగుతుంది. తెగిన చోటు సెంటీమీటరే కాబట్టి ఓంలలో చూసినా తేడా కనబడదు. అందుకే ఒకటో పిన్ను మీద మీటరు పెట్టి, రెండు చివరలా కనెక్టరు నుంచి ఓ జానెడు మేర కేబుల్‌ను వంచుతూ, మెల్లగా లాగుతూ వినాలి. బజర్ ఒక్కసారి తడబడినా ఆ చివర కోసి మళ్లీ టంకం పెట్టాలి. కేబుళ్లు ఎక్కువగా తెగేది ఆ జానెడులోనే.

వేదిక మీద పరిచేసిన కేబుల్‌కు ఇంకో దారి ఉంది. మిక్సరులో ఫాంటమ్ వేసి, మైకు చివర మీటరు నల్ల కొసను ఒకటో పిన్నుకు, ఎర్ర కొసను రెండుకూ ఆపైన మూడుకూ పెట్టి డీసీ వోల్టులు చూడాలి. రెండు చోట్లా 48కి దగ్గరగా, 44 నుంచి 52 మధ్య రావాలి. రెండు చోట్లా సున్నా అయితే షీల్డ్ తెగింది, ఒకచోటే సున్నా అయితే ఆ తీగ తెగింది. ఇలా చూసేటప్పుడు ఆ ఛానెల్ వాల్యూమ్ తగ్గించి ఉంచాలి. ఈ పరీక్ష పొలారిటీని మాత్రం చూడలేదు. రెండు పిన్నుల మీదా ఒకే 48 ఉంటుంది గనక అవి తారుమారైనా అంకె మారదు. దానికి తొమ్మిది తాకిళ్లే శరణ్యం.

ప్రతి ముక్కనూ విడిగా చూడాలి

పొలారిటీ తిరగబడడంలో ఇంకో చిక్కు ఉంది. పెద్ద వేదికకు ఒక కేబుల్ చాలక రెండు ముక్కలు కలుపుతారు. తిరగబడ్డవి రెండు కలిస్తే తిరుగుడుకు తిరుగుడు చెల్లిపోయి జత సరైనదవుతుంది. ఆ జతను చివర నుంచి చివరకు పరీక్షిస్తే తొమ్మిది తాకిళ్లూ సరిగ్గా వస్తాయి. మర్నాడు వాటిని విడదీసి చెరొక మైకుకు వేస్తే ఆ రెండూ తిరగబడ్డవే. అలాగే ఒకే చేతి కింద తయారైన కేబుళ్లన్నీ ఒకే తీరున తిరగబడి ఉంటే, వాటిలో వాటికి ఏ గొడవా రాదు. పక్క ఊరి సెట్టు నుంచి ఒక కేబుల్ అద్దెకు తెచ్చి కలిపిన రోజున, సరైన ఆ కొత్త కేబుల్ మీద నింద పడుతుంది.

కాబట్టి ప్రతి ముక్కనూ విడిగా పరీక్షించాలి, ఇంకో కేబుల్‌తో పోల్చకుండా పిన్నుల అంకెలతోనే పోల్చాలి. సరిపోయినదానికి రెండు చివరలా ఒకే అంకె రాసిన టేపు చుట్టి, చూసిన తేదీ వేయాలి. ఎరుపు రెండు, తెలుపు మూడు అన్న నియమాన్ని సోల్డరింగ్ బల్ల మీద రాసిపెట్టుకుంటే, తర్వాత ఎవరు రిపేరు చేసినా రంగులు మారవు. తిరగబడిందని తేలిన కేబుల్ రెండు చివరలూ విప్పి, ఆ నియమం తప్పిన చివర మాత్రమే మార్చాలి. కంగారులో రెండు చివరలా మార్చేస్తే తప్పు అలాగే మిగిలిపోతుంది. మార్చాక మళ్లీ తొమ్మిది తాకిళ్లూ చూసిన తర్వాతే దాన్ని సంచిలో పెట్టాలి.